సి.పి.ఎ. పరీక్ష స్లాట్: హైదరాబాద్ కనిపించకపోయినా, తేదీ మార్చుకోవాల్సి వచ్చినా

భీమవరం చుట్టుపక్కల రొయ్యల ఎగుమతి సంస్థల లెక్కలు చూస్తూనే అమెరికాలో అకౌంటెంట్ల అర్హత పరీక్ష అయిన సి.పి.ఎ.కు చదివేవారు నాకు కొందరు తెలుసు. వారికి సిలబస్ కంటే స్లాట్ దగ్గరే ఎక్కువ నష్టం జరగడం చూశాను కాబట్టి, ఎదురయ్యే లక్షణాన్ని బట్టి కారణాన్ని, చేయవలసిన పనిని చెబుతున్నాను.

లక్షణం: ఎన్.టి.ఎస్. చేతికి వచ్చింది, కానీ పరీక్షా కేంద్రాలు నడిపే ప్రోమెట్రిక్ సంస్థ సైటులో హైదరాబాద్ సీటు బుక్ కావడం లేదు.

ఎన్.టి.ఎస్. అంటే పరీక్ష రాయడానికి అనుమతి ఇచ్చే పత్రం. అది అమెరికాలోని కేంద్రాలకు మాత్రమే సరిపోతుంది. భారతదేశంలో రాయాలంటే, అమెరికా రాష్ట్రాల అకౌంటెన్సీ బోర్డుల సంఘమైన నాస్‌బాలో మన ఖాతాలోకి వెళ్లి, అంతర్జాతీయ కేంద్రానికి విడిగా నమోదు చేసుకొని, ప్రతి పేపరుకూ అదనపు రుసుము కట్టాలి. ఆ రుసుము వందల డాలర్లలో ఉంటుంది కాబట్టి దాన్ని మొదటి నుంచే లెక్కలో వేసుకోవడం మంచిది. డబ్బు కట్టిన వెంటనే ప్రోమెట్రిక్‌లో ప్రయత్నిస్తే సీటు దొరకదు. సమాచారం అటు చేరడానికి సుమారు ఒక రోజు ఆగి, ఎన్.టి.ఎస్.లో ఆ పేపరుకు ఇచ్చిన సంఖ్యతో మళ్లీ ప్రయత్నించాలి.

లక్షణం: తేదీ మార్చుకోవాలి, కానీ రుసుము అడుగుతోంది, లేదా ముందుకు తేదీలే కనిపించడం లేదు.

ఇక్కడ రెండు గడియారాలు ఒకేసారి నడుస్తుంటాయి, చాలామంది ఒకదాన్నే చూస్తారు. మొదటిది ఎన్.టి.ఎస్. గడువు. చాలా రాష్ట్రాల బోర్డులకు అది ఆరు నెలలు, కొన్నింటికి అంతకంటే తక్కువో ఎక్కువో ఉంటుంది. ఆ పేపరును ఆ గడువులోపే రాయాలి, లేకపోతే కట్టిన రుసుము పోతుంది. రెండోది ప్రోమెట్రిక్ గడియారం. పరీక్షకు ఎన్ని రోజుల ముందు మార్చుకుంటున్నామన్నదాన్ని బట్టి అది ఖరీదు పెంచుకుంటూ పోతుంది.

పాలకొల్లు నుంచి రాసే ఒక చెల్లి ఎన్.టి.ఎస్. మే 20న మొదలై నవంబరు 20న ముగుస్తుందనుకుందాం. చదువుకు వ్యవధి దొరుకుతుందని ఆమె నవంబరు 14కు స్లాట్ తీసుకుంది. అక్టోబరు 15 లోగా, అంటే ముప్పై రోజులో అంతకంటే ఎక్కువో ఉండగా మార్చుకుంటే రుసుము ఉండదు. అక్టోబరు 16 నుంచి నవంబరు 9 వరకు, అంటే ఇరవై తొమ్మిది నుంచి ఐదు రోజుల ముందు వరకు, 35 డాలర్లు కట్టాలి. ఆ తర్వాత, పరీక్షకు ఇరవై నాలుగు గంటల ముందు వరకు, పరీక్షా కేంద్రం రుసుమంతా మళ్లీ కట్టాలి. చివరి ఇరవై నాలుగు గంటల్లో మార్చడమే కుదరదు. వెళ్లకపోతే ఆ పేపరుకు కట్టిన డబ్బు పోయినట్టే.

అయితే ఆమెకు అసలు చిక్కు ఈ రుసుము కాదు. నవంబరు 14 దాటితే ఆమెకు మిగిలేవి ఆరు రోజులే, వాటిలో హైదరాబాద్‌లో సీటు ఉంటుందో లేదో చెప్పలేం. పైగా అది మన కోస్తాకు తుపాన్ల కాలం. పరీక్షా కేంద్రమే మూతపడితే రుసుము లేకుండా మరో తేదీ ఇస్తారు. హైదరాబాద్‌లో కేంద్రం తెరిచే ఉండి, గట్ల మీదకు నీళ్లొచ్చి మన రైలు మాత్రమే ఆగిపోతే ఆ వెసులుబాటు దానంతటదే రాదు.

నా సలహా ఇది: ఎన్.టి.ఎస్. ముగియడానికి కనీసం నలభై ఐదు రోజుల ముందు పడేలా తేదీ తీసుకోండి. ఈ ఉదాహరణలో అది అక్టోబరు 6 లోపు వస్తుంది. అప్పుడు ముప్పై రోజుల గీత సెప్టెంబరు 6న పడుతుంది. ఆనాటికి ఎన్ని అధ్యాయాలు మిగిలాయో నిజాయితీగా చూసుకొని, అవసరమైతే రుసుము లేకుండానే వెనక్కి జరుపుకోవచ్చు, జరుపుకోవడానికి ఆరు వారాల చోటూ ఉంటుంది. స్లాట్ తీసుకున్న రోజే ఆ గీత తేదీని గోడ క్యాలెండరు మీద ఎర్రగా రాసి పెట్టుకోండి. తేదీ మార్చిన తర్వాత కొత్త ధ్రువీకరణ ఈమెయిల్ వచ్చిందో లేదో చూడకుండా ఊరుకోవద్దు.

లక్షణం: ఎన్.టి.ఎస్.లో పేరు, పాస్‌పోర్టులో పేరు వేరుగా ఉన్నాయి.

ఇంటిపేరును ఒక్క అక్షరంతో ముందు రాసుకోవడం మనకు అలవాటు. పాస్‌పోర్టులోనేమో ఆ ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. కేంద్రంలో పాస్‌పోర్టుతో సరిచూస్తారు కాబట్టి రెండింట్లో పేరు ఒకేలా ఉండాలి. తేడా కనబడిన రోజే, స్లాట్ తీసుకోకముందే, నాస్‌బాకు రాసి సరిదిద్దించుకోండి; నర్సాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కి రాత్రంతా ప్రయాణించి, కేంద్రం గుమ్మం దగ్గర వెనుదిరగవలసి వస్తే ఆ పేపరు రుసుము కూడా తిరిగి రాదు.