రీల్ లెక్కలు చదవడం – 4వ పాఠం: ఎక్కువసేపు చూశారంటే నచ్చినట్టేనా?

పోయిన పాఠంలో మీ ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌కి వచ్చిన సేవ్‌లు, షేర్‌లు ఒక పుస్తకంలో రాసుకోమన్నాను. చాలామంది రాసి పంపారు. కానీ దాదాపు అందరూ సేవ్‌ల సంఖ్య పెద్దగా ఉన్న రీల్‌ని పైన పెట్టి, కింద వరసగా దించుకుంటూ వచ్చారు. తప్పు నాదే, రీచ్‌తో, అంటే రీల్ ఎంతమందికి చేరిందో ఆ సంఖ్యతో భాగించాలని చెప్పకుండా వదిలేశాను. ఈ పాఠం అక్కడే మొదలుపెడదాం.

ఒకరు పంపిన లెక్కలో 50,000 మందికి చేరిన వంకాయ కూర రీల్‌కి 500 సేవ్‌లు ఉన్నాయి. 6,000 మందికి చేరిన నా ఆవకాయ కొలతల రీల్‌కి 420. మొదటిదే గెలిచినట్టు కనిపిస్తుంది. కానీ వెయ్యి మందికి ఎంతమంది దాచుకున్నారో చూస్తే వంకాయకు 10, ఆవకాయకు 70. వంకాయ రీల్‌ని ఎక్కువమందికి చూపించారు, అంతే. నేను శాతాలు వాడను, వెయ్యికి ఎంత అనే చూస్తాను. 0.7 శాతం అంటే నాకు ఏమీ కనిపించదు, వెయ్యిలో ఏడుగురు అంటే మనుషులు కనిపిస్తారు.

రెండు రీల్స్‌ని పోల్చేటప్పుడు రెండింటి వయసూ ఒకటే ఉండాలి. పోస్ట్ చేసిన ఏడో రోజు చూసి రాసుకోండి. ఇన్‌సైట్స్‌లో కనిపించేది అప్పటిదాకా వచ్చిన మొత్తం కాబట్టి, ఆ రోజు రాసుకోకపోతే తర్వాత నెల రోజుల రీల్‌ని వారం రీల్ పక్కన పెట్టి చూస్తారు.

షేర్ గురించి ఒక్క మాట. జాడీ మూత దగ్గర అత్తాకోడళ్ల తగువు మీద నేను చేసిన సరదా రీల్‌కి వెయ్యికి 40 షేర్‌లు, 3 సేవ్‌లు. ఆవకాయ కొలతలకు 15 షేర్‌లు, 70 సేవ్‌లు. “ఇది అచ్చం మన ఇంటిలాగే ఉంది” అనిపిస్తే ఇంకొకరికి పంపుతారు, “నేను చేసేటప్పుడు కావాలి” అనిపిస్తే దాచుకుంటారు. రెండూ మంచివే, కానీ పనికొచ్చిందా అన్న ప్రశ్నకు సేవ్ దగ్గరగా ఉంటుంది. ఎవరు సేవ్ చేశారో మాత్రం మనకి తెలియదు. చివర్లో “సేవ్ చేసుకోండి” అని అడిగిన రీల్‌ని, అడగని రీల్‌తో పోల్చకండి.

ఇప్పుడు నన్ను బాగా విసిగించే విషయం. “యావరేజ్ వాచ్ టైమ్ ఎక్కువ ఉందండీ, అంటే బాగా ఉపయోగపడింది” అని ఎనిమిది మంది రాశారు. కాదు. మళ్ళీ వెనక్కి వెళ్లి చూసిన సమయం కూడా అందులోనే కలుస్తుంది. ఎందుకు వెనక్కి వెళ్లారో ఆ సంఖ్య చెప్పదు.

ఆవకాయ రీల్‌ని నేను రెండుసార్లు తీశాను. మొదటిది 30 సెకన్లు. నాలుగు గిన్నెల ముక్కలకు గిన్నె కారం, గిన్నె ఆవపిండి, గిన్నెకు కాస్త తక్కువ ఉప్పు అని తెర మీద రాశాను, నోటితో చెప్పలేదు. అది రెండు సెకన్లలో మాయమైపోయింది. సగటున 27 సెకన్లు చూశారు. నేను తెగ సంతోషపడ్డాను. కానీ సేవ్‌లు వెయ్యికి 18 మాత్రమే. కామెంట్లు తెరిస్తే “ఉప్పు ఎంత అక్కా?”, “కొలత కనిపించలేదు”, మళ్ళీ “ఉప్పు?”. వాళ్లు ఇష్టపడి తిప్పి చూడలేదు, ఉప్పు కోసం వెతుక్కున్నారు.

రెండోసారి అదే 30 సెకన్లు. గిన్నె చేతిలో పట్టుకుని చూపించి, కొలత పైకి చెప్పి, ఆరు సెకన్లు తెర మీద ఉంచాను. సగటు 21కి పడిపోయింది, సేవ్‌లు 70కి వెళ్లాయి. ఉప్పు అడిగినవాళ్లు ఎవరూ లేరు. మొదటిది సీజన్ మొదట్లో, రెండోది మామిడికాయలు మార్కెట్ నిండా ఉన్నప్పుడు పెట్టాను కాబట్టి ఆ తేడాలో కొంత సీజన్‌ది కూడా అయి ఉండొచ్చు. కామెంట్లు మారడం మాత్రం సీజన్ వల్ల కాదు.

అందుకే వాచ్ టైమ్‌ని ఎప్పుడూ ఒంటరిగా చదవకండి. అది ఎక్కువ, సేవ్ తక్కువ ఉంటే ముందు కామెంట్లలో ప్రశ్నలు లెక్కపెట్టండి. ఒకే ప్రశ్న మూడుసార్లు వస్తే అక్కడ మీ వీడియో అర్థం కాలేదని. వాచ్ టైమ్ మామూలుగా ఉండి సేవ్ ఎక్కువ ఉంటే, కావలసింది చూసి దాచుకుని వెళ్లిపోయారు. వంట రీల్స్‌లో నేను కోరుకునేది ఇదే. లైకులు నేను రాసుకోను.

యూట్యూబ్‌లో పెద్ద వీడియోలు పెట్టేవాళ్లకు స్టూడియోలో రిటెన్షన్ గ్రాఫ్ ఉంటుంది, వీడియోలో ఏ చోట ఎంతమంది చూస్తున్నారో చూపే గీత అది. గీత ఒకచోట పైకి లేచిందంటే ఆ ముక్కను తిప్పి చూసి ఉండొచ్చు, లేదా నేరుగా అక్కడికే వచ్చి ఉండొచ్చు. అక్కడ కూడా ఇదే అనుమానంతో ఆ నిమిషాన్ని మీరే ప్లే చేసి వినండి.

అభ్యాసం: వాచ్ టైమ్ ఎక్కువ, సేవ్ తక్కువ ఉన్న మీ రీల్ ఒకటి తీసుకోండి. కామెంట్లు చదివి, ఎక్కడ తడబడ్డారో ఒక వాక్యం రాయండి. ఆ ఒక్క చోటే మార్చి, నిడివి, పాట, క్యాప్షన్ అన్నీ అలాగే ఉంచి మళ్ళీ తీయండి. పెట్టే ముందే వెయ్యికి ఎన్ని సేవ్‌లు వస్తాయో మీ అంచనా రాసుకోండి. ఏడో రోజు రెండు రీల్స్ లెక్కలూ, మీ అంచనా కూడా పంపండి.