గేట్‌వే రిపోర్టుకీ రిజిస్ట్రేషన్ లిస్టుకీ లెక్క కుదర్చడం ఎలా?

ఊళ్లో 5కె రన్ పెట్టినా, కాలేజీ ఫెస్ట్ పెట్టినా చివరి వారంలో అదే గోల. రిజిస్ట్రేషన్ లిస్టులో ఒక సంఖ్య, ఆన్‌లైన్‌లో ఫీజు వసూలు చేసిపెట్టే పేమెంట్ గేట్‌వేలో ఇంకో సంఖ్య ఉంటాయి. ఈలోగా గ్రూపులో "అన్నా, నాకు రెండుసార్లు కట్ అయ్యింది" అని స్క్రీన్‌షాట్లు మొదలవుతాయి. కమిటీలో ఎవరో ఒకరు కంగారుపడి తన ఫోన్‌పే నుంచి డబ్బు వెనక్కి పంపేస్తారు. ఆ తర్వాత లెక్క ఎప్పటికీ కుదరదు. అందుకే ముందే చెబుతున్నాను: కింది పని పూర్తయ్యేదాకా ఎవరికీ ఒక్క రూపాయి కూడా తిరిగి పంపకండి.

1. రెండు ఫైళ్లు దించుకోండి

రిజిస్ట్రేషన్లు మూసేశాక కనీసం రెండు రోజులు ఆగండి. తర్వాత గేట్‌వే డాష్‌బోర్డ్ నుంచి పేమెంట్స్ రిపోర్టు, ఫామ్ నుంచి రిజిస్ట్రేషన్ లిస్టు దించుకోండి. గేట్‌వే మీ బ్యాంకు ఖాతాలో వేసిన డబ్బు లెక్క చూపే సెటిల్‌మెంట్ రిపోర్టు చివర్లో కావాలి, ఇప్పుడు దాని జోలికి వెళ్లొద్దు. అసలు ఫైళ్లను అలాగే దాచి, కాపీల మీద పని చేయండి. ఎక్సెల్ అయినా గూగుల్ షీట్ అయినా ఒకటే.

రెండు రోజులు ఎందుకంటే, యూపీఐలో కొన్ని పేమెంట్లు మొదట failed అని పడి, బ్యాంకు నుంచి జవాబు ఆలస్యంగా వచ్చాక captured గా, అంటే డబ్బు అందినట్టుగా మారతాయి. అదే రాత్రి దించిన రిపోర్టుతో మొదలుపెడితే పని మళ్లీ చేయాల్సిందే.

2. ఐడీలను పాడుచేయకండి

ఫైలును డబుల్ క్లిక్ చేసి తెరవకండి, ఇంపోర్ట్ చేసి ఐడీల కాలమ్‌లన్నీ టెక్స్ట్‌గా పెట్టండి. లేకపోతే యూపీఐ లావాదేవీకి ఉండే 12 అంకెల నంబరు 4.12E+11 లా కనిపిస్తుంది. 15 అంకెలు దాటిన నంబరైతే చివరి అంకెలు సున్నాలైపోతాయి, అవి ఇక తిరిగి రావు. మొత్తాలు 50000 లా కనిపిస్తే భయపడకండి. కొన్ని గేట్‌వేలు పైసల్లో రాస్తాయి, అది 500 రూపాయలే.

3. దేనితో జత కలపాలి?

అందరూ తప్పు చేసేది ఇక్కడే. పేరుతోనో ఫోన్ నంబరుతోనో ఈమెయిల్‌తోనో కలుపుతారు. మన ఇళ్లలో ఒక నాన్న తన నంబరు మీదే తనకూ, భార్యకీ, ఇద్దరు కూతుళ్లకీ కడతాడు. ఫోన్ నంబరు చూసి మూడు డూప్లికేట్లు అనుకుని రిఫండ్ చేస్తే, రన్ రోజు పొద్దున ఐదింటికి ముగ్గురు చొక్కాకు తగిలించుకునే బిబ్ నంబరు లేకుండా మీ టేబుల్ ముందు నిలబడతారు.

order id తో కలపడం కొంత నయం. కానీ చాలా ఫామ్‌లలో పే బటన్ నొక్కిన ప్రతిసారీ కొత్త order id పుడుతుంది. మారకుండా ఉండేది రిజిస్ట్రేషన్ నంబరు ఒక్కటే. అది గేట్‌వే రిపోర్టులో notes కాలమ్‌లో వచ్చేలా ఫామ్ పెట్టేటప్పుడే అడిగి చేయించుకోండి. ఫామ్ తయారుచేసేవాళ్లకు అది చిన్న పని.

ఇంకో మాట. VLOOKUP వాడకండి. అది మొదట దొరికిన వరుస చూపించి ఆగిపోతుంది. రెండోసారి పడిన డబ్బే మనం వెతికేది, దాన్నే అది దాచేస్తుంది. లెక్కపెట్టే ఫార్ములా కావాలి. లిస్టులో A కాలమ్ రిజిస్ట్రేషన్ నంబరు, అదే ఫైలులో Pay అనే షీట్‌గా పెట్టిన పేమెంట్స్ రిపోర్టులో B కాలమ్ అదే నంబరు, D కాలమ్ స్టేటస్ అనుకుంటే:

```
=COUNTIFS(Pay!B:B, A2, Pay!D:D, "captured")
```

జవాబు 0 అయితే డబ్బు అందలేదు, 1 అయితే సరి, 2 అయితే రెండుసార్లు పడింది. ఇదే పని తిప్పి కూడా చేయండి. captured అయిన ప్రతి పేమెంటుకీ లిస్టులో మనిషి ఉన్నాడా అని చూడాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఫీజు 500. లిస్టులో 240 మంది, వాళ్లలో Paid 221, Pending 19. గేట్‌వేలో captured 229. తేడా 8. ఫార్ములా వేస్తే Pending వాళ్లలో ఆరుగురికి 1 వచ్చింది. డబ్బు అందింది, ఆ కబురు ఫామ్‌కు చేరలేదు. వాళ్లను Paid చేయాలి. Paid వాళ్లలో ఇద్దరికి 2 వచ్చింది. ఆరూ రెండూ ఎనిమిది, తేడా తేలిపోయింది.

కానీ అక్కడ ఆగకండి. ఒకే మనిషి ఫామ్ రెండుసార్లు నింపి, రెండు రిజిస్ట్రేషన్ నంబర్లతో రెండుసార్లు కట్టి ఉండొచ్చు. COUNTIFS కి వాళ్లిద్దరూ వేర్వేరు మనుషులే. పేరు, పుట్టిన తేదీ రెండూ కలిసినవాళ్లను వడపోయండి. పేరు ఒక్కటే చాలదు, వెంకటేశ్‌లు చాలామంది ఉంటారు. మన ఉదాహరణలో అలాంటివాళ్లు ముగ్గురు. ఫోన్ చేసి అడిగాకే నిర్ణయించండి. ఒక్కోసారి అన్న వివరాలకు బదులు తమ్ముడి పేరు, పుట్టిన తేదీయే మళ్లీ వేసి ఉంటారు.

4. "డబ్బు కట్ అయ్యింది, మీ లిస్టులో పేరు లేదు"

అత్యంత జాగ్రత్త అవసరమైనది ఇదే. అలా అనేవాడి బ్యాంకు మెసేజ్ నిజమే, మీ గేట్‌వేలో failed అన్నదీ నిజమే. డబ్బు మధ్యలో ఉంది, మీ ఖాతాకు రాలేదు. రానిదాన్ని మీరు తిరిగి ఇస్తే అది మీ జేబులో డబ్బే. బ్యాంకు కూడా వెనక్కి వేస్తుంది కాబట్టి అతనికి రెండింతలు వెళ్తుంది.

రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరు సర్క్యులర్ ప్రకారం, వ్యాపారికి యూపీఐలో కట్టినప్పుడు ఖాతాలో డబ్బు కట్ అయి అటు నిర్ధారణ అందకపోతే, లావాదేవీ రోజు తర్వాత ఐదు రోజుల్లోగా దానంతటదే వెనక్కి రావాలి. దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం. కాబట్టి స్క్రీన్‌షాట్ కాదు, ఆ 12 అంకెల నంబరు అడగండి. రిపోర్టులో వెతకండి. failed అని ఉంటే "బ్యాంకు నుంచి వెనక్కి వస్తుంది, రాకపోతే ఈ నంబరుతో బ్యాంకులో ఫిర్యాదు పెట్టండి, సీటు కావాలంటే మళ్లీ కట్టండి" అని చెప్పండి. కోప్పడతారు, పర్వాలేదు. authorized అని ఉంటే, అంటే బ్యాంకు సరే అన్నా మీరింకా డబ్బు తీసుకోకపోతే మాత్రం అది మీ చేతిలోనే ఉంది. సీటు ఉంటే క్యాప్చర్ చేయండి, లేకపోతే వదిలేస్తే గడువు తర్వాత తిరిగి వెళ్తుంది.

5. రిఫండ్

డాష్‌బోర్డ్ నుంచే, అసలు పేమెంటు మీదే చేయాలి. సొంత ఫోన్ నుంచి పంపితే గేట్‌వేకి ఆ సంగతి తెలియదు. డబ్బు కట్టినవాడు బ్యాంకులో వివాదం కూడా పెట్టాడంటే డబ్బు మళ్లీ పోతుంది.

ఒకే నంబరు మీద రెండు పడినచోట, లిస్టులో ఏ payment id నమోదైందో దాన్ని ఉంచి రెండోది వెనక్కి పంపండి. కొన్ని ఫామ్‌లు రిఫండ్ అయిన వెంటనే ఆ రిజిస్ట్రేషన్‌ను రద్దు చేసేస్తాయి. తప్పుదాన్ని రిఫండ్ చేస్తే డబ్బు కట్టినవాడి పేరే ఎగిరిపోతుంది. ఒక్కరే రిఫండ్లు చేయాలి, ప్రతిదానికీ refund id షీట్‌లో రాయాలి. రంగులు పూసి గుర్తుపెట్టుకునే పద్ధతి నా దగ్గర చెల్లదు. ఆ రంగుల అర్థం తర్వాత పూసినవాడికే గుర్తుండదు.

6. బ్యాంకుతో సరిచూడటం

229 పేమెంట్లు అంటే 1,14,500. రెండుసార్లు పడిన ఇద్దరూ, ఫామ్ రెండుసార్లు నింపిన ముగ్గురూ కలిపి రిఫండ్లు ఐదు, 2,500. మిగిలింది 1,12,000, అంటే 224 మంది. లిస్టులో చివరికి Paid గా మిగిలేది కూడా 224 మందే కావాలి.

బ్యాంకులో ఇంత పడదు. గేట్‌వే కోత 2 శాతం, దానిపై 18 శాతం జీఎస్టీ అనుకుంటే ఒక్కో పేమెంటుకి 11.80 పోతుంది. 229 కి 2,702.20. రిఫండ్ చేసిన ఐదింటి మీద కోత కూడా సాధారణంగా తిరిగి రాదు. కాబట్టి ఖాతాలో పడాల్సింది 1,09,297.80. ఇప్పుడు సెటిల్‌మెంట్ రిపోర్టు తెరిచి, ఒక్కో సెటిల్‌మెంట్‌కు ఉండే యూటీఆర్ అనే బ్యాంకు బదిలీ నంబరును స్టేట్‌మెంట్‌లో వెతికి టిక్ పెట్టండి. పైసలతో సహా కుదరాలి. 11.80 తేడా వస్తే ఒక పేమెంటు కోత లెక్కలో తప్పింది, 488.20 తేడా వస్తే ఒక పేమెంటే తప్పింది.