కాగితం ఫొటోను కాపీగా మార్చడం – నాలుగవ పాఠం: నాలుగు మూలలు, ఒక కొలత

గత పాఠంలో కాగితాన్ని కిటికీ వెలుగులో పెట్టి, రెండడుగుల దూరం నుంచి ఫొటో తీయడం వరకు వచ్చాము. ఆ ఫొటోలో కాగితంతో పాటు బల్ల, కాగితం లేవకుండా నొక్కిపట్టిన బొటనవేలు, ఫోను నీడ కూడా పడి ఉంటాయి. ఈ పాఠంలో వాటిని తొలగించి, ఒరిగిన పేజీని నిటారుగా నిలబెడదాము. ఫోన్లలోని స్కాన్ యాప్‌లు కాగితం అంచులను తామే వెతుక్కుంటాయి కాని, తెల్లని నాపరాయి మీదనో, లేత రంగు బల్ల మీదనో తీసిన ఫొటోల్లో అంచు ఎక్కడుందో వాటికి అంతు చిక్కదు. అందుకే మూలలను మన చేతితో పెట్టడం నేర్చుకోవాలి. దీనికి కంప్యూటరులో ఫొటోలు దిద్దడానికి ఉచితంగా దొరికే జింప్ అనే ప్రోగ్రాము సరిపోతుంది.

ఉదాహరణకు దేవరకొండ వైపు ఒక రైతు కుటుంబం దాచుకున్న పహాణీ నకలును తీసుకుందాము. అది ఏ4 కాగితం కాదు, అంతకంటే పొడవైన లీగల్ కాగితం. స్కేలుతో కొలిస్తే వెడల్పు 8.5 అంగుళాలు, పొడవు 14 అంగుళాలు వచ్చింది. ఈ రెండు అంకెలను ముందే రాసి పెట్టుకోవాలి. ఫొటో మాత్రం 3000 పిక్సెళ్ల వెడల్పు, 4000 పిక్సెళ్ల ఎత్తు ఉంది. ఫోను కొంచెం వంచి పట్టుకున్నందువల్ల పేజీ పైభాగం ఇరుకుగా, కిందిభాగం వెడల్పుగా కనిపిస్తోంది. ఇలాంటి వంపు ఫొటోను పక్కకు తిప్పినంత మాత్రాన పోదు. దూరంగా ఉన్న అంచు చిన్నగా, దగ్గరి అంచు పెద్దగా పడింది కనుక నాలుగు మూలలనూ వేర్వేరుగా జరిపితేనే అది సరి అవుతుంది.

ఫొటోను జింప్‌లో తెరిచి, Shift+P నొక్కితే Perspective పనిముట్టు వస్తుంది. దాని అమరికల్లో Direction దగ్గర Corrective అన్నదాన్ని, Clipping దగ్గర Clip అన్నదాన్ని ఎంచుకోవాలి. ఫొటో మీద ఒకసారి నొక్కగానే దాని నాలుగు మూలల్లో నాలుగు పిడులు కనిపిస్తాయి. ఒక్కొక్క పిడిని లాగి పేజీకి సంబంధించిన మూల మీద ఉంచాలి. ఫొటోను బాగా పెద్దది చేసి చూస్తూ, అంచుకు వెంట్రుకవాసి లోపలికే పెట్టడం మేలు, లేకపోతే బల్ల రంగు సన్నని గీతలా పేజీ చుట్టూ మిగిలిపోతుంది.

మన నకలులో కింది ఎడమ మూల బొటనవేలి కింద దాగి ఉంది. అయినా ఆ మూల ఎక్కడుందో కనుక్కోవచ్చు. పిడుల మధ్య కనిపించే గీతలే మనకు స్కేలుగా పనికొస్తాయి. మిగిలిన మూడు పిడులనూ స్థిరపరచిన తరువాత నాలుగవదాన్ని జరుపుతూ పోతే, ఒక చోట ఎడమ గీత కాగితపు ఎడమ అంచు మీదా, కింది గీత కింది అంచు మీదా ఒకేసారి సరిగ్గా పడుకుంటాయి. వేలి కింద ఉన్న అసలు మూల అదే. మూల చిరిగిపోయిన పాత కాగితాలకు కూడా ఇదే పద్ధతి వర్తిస్తుంది.

ఇప్పుడు Enter నొక్కితే పేజీ ఫొటో చట్రమంతా నిండుతుంది, బల్ల చట్రం బయటికి పోతుంది. విడిగా కత్తిరించే పని ఉండదు. పని పూర్తయిందని చాలామంది ఇక్కడే ఆగిపోతారు కాని, ఈ పేజీ ఇంకా తప్పుగానే ఉంది. జింప్‌కు మన కాగితం కొలత తెలియదు కనుక, పేజీని ఫొటో ఆకారంలోకి, అంటే 3000 కి 4000 లోకి సాగదీసింది. పొడవైన లీగల్ కాగితం పొట్టిదైపోయి, అక్షరాలు అడ్డంగా సాగాయి. కంటికి ఇది వెంటనే తెలియకపోవచ్చు కాని, నకలు మీది గుండ్రని కార్యాలయ ముద్రను చూస్తే బయటపడుతుంది. ఎత్తు 100 పిక్సెళ్లు ఉంటే వెడల్పు దాదాపు 124 పిక్సెళ్లు వచ్చి, అది కోడిగుడ్డు ఆకారంలో కనిపిస్తుంది.

దీన్ని సరిచేయడానికే ముందుగా కాగితాన్ని కొలిచాము. అంగుళానికి 200 పిక్సెళ్లు చొప్పున లెక్కిస్తే 8.5 అంగుళాలకు 1700, 14 అంగుళాలకు 2800 వస్తాయి. Image మెనూలో Scale Image తెరిచి, వెడల్పు, ఎత్తుల పక్కనున్న గొలుసు గుర్తును నొక్కి విడదీసి, ఈ రెండు అంకెలను వేయాలి. గొలుసు విడదీయకపోతే ఒక అంకె మార్చగానే రెండవది దానంతటదే మారిపోయి తప్పు అలాగే నిలుస్తుంది. ఇప్పుడు ముద్ర గుండ్రంగా మారితే కొలత కుదిరినట్టే. ఫొటోలో కాగితం 1700 పిక్సెళ్ల కంటే బాగా తక్కువ వెడల్పులో పడి ఉంటే మాత్రం ఈ అంకెలు వేసినా స్పష్టత పెరగదు, దగ్గరగా మళ్లీ ఫొటో తీసుకోవడమే మార్గం.

తరువాత పట్టిక గీతలను పరీక్షించాలి. పైనున్న కొలబద్ద మీద నుంచి మౌసుతో కిందికి లాగితే ఒక అడ్డగీత వస్తుంది. దాన్ని పహాణీలోని ఒక గడి గీత మీద ఉంచాలి. గడి గీత ఒక వైపుకే వాలుతూ పోతే ఏదో ఒక మూల సరిగా పెట్టలేదని అర్థం, Ctrl+Z తో వెనక్కి వెళ్లి మళ్లీ పెట్టవచ్చు. రెండు కొసలూ అడ్డగీతను తాకుతూ నడుమ మాత్రం కిందికో పైకో వంగితే, ఫొటో తీసేటప్పుడు కాగితమే లేచి ఉంది. చదునైన కాగితానికి తప్ప ఈ పనిముట్టు పనిచేయదు కనుక, మూలలతో ఎంత కుస్తీ పట్టినా ఆ వంపు పోదు. కాగితాన్ని ఒక రాత్రి బరువైన పుస్తకాల కింద ఉంచి మళ్లీ ఫొటో తీయాలి.

నీడను చివరన తొలగించాలి. బల్ల ఇంకా పక్కన ఉండగా ఈ పని చేస్తే బల్ల రంగు కూడా లెక్కలోకి వచ్చి అంచులు పాడవుతాయి. Layer మెనూలో Duplicate Layer తో పేజీకి ఒక నకలు పొర చేసి, దాని మీద Filters లోని Blur కింద ఉన్న Median Blur ను 30 వ్యాసార్థంతో నడపాలి. సన్నని అక్షరాలన్నీ మాయమై, కాగితపు వెలుగునీడలు మాత్రమే పై పొరలో మిగులుతాయి. ఆ పొర Mode ను Divide కు మార్చితే, కింది పేజీలోని ప్రతి చోటునూ అక్కడి వెలుగుతో భాగించినట్టవుతుంది, నీడలో ఉన్న కాగితమూ ఎండలో ఉన్న కాగితమూ ఒకే తెలుపుకు వస్తాయి. Gaussian Blur కంటే దీన్నే నేను ఎంచుకుంటాను. ఫోను నీడకు పదునైన అంచు ఉంటుంది, గాసియన్ దాన్ని అలికేయడం వల్ల ఆ అంచు వెంట ఒక మసక గీత మిగిలిపోతుంది. అయితే పాసుపోర్టు ఫొటో అంటించిన కాగితానికి ఈ పద్ధతి వద్దు, ముఖంలోని నిండు రంగును కూడా ఇది నీడగానే భావించి వెలవెలబోయేలా చేస్తుంది.

విస్తీర్ణం గడిని ఇక్కడ పెద్దది చేసి చూడాలి. నీడలో ఉన్న 2-18 అన్న అంకె, అంటే రెండెకరాల పద్దెనిమిది గుంటలు, తెలుపు పెరిగిన తరువాత 2-13 లా కనిపిస్తే ఐదు గుంటల తేడా వచ్చినట్టే. అసలు కాగితంతో పోల్చుకుని, అంకె విరిగిపోతే ఎండపొడ నేరుగా పడని చోట ఫొటో మళ్లీ తీయాలి. రాతను చేత్తో దిద్దకూడదు.

బొటనవేలు ఖాళీ అంచులోనే ఉంటే Image మెనూలోని Flatten Image తో పొరలను కలిపి, ఆ మేర దీర్ఘచతురస్రంగా ఎంచుకుని, తెల్లని నేపథ్య రంగుతో Fill with BG Color నొక్కితే చాలు. వేలు ఒక్క అక్షరాన్ని తాకినా దాన్ని చెరపకుండా, మూలల మీద చిన్న రాళ్లు పెట్టి ఫొటో మళ్లీ తీసుకోవాలి. చివరగా Export As తో పీఎన్‌జీగా వేరే పేరున భద్రపరచి, అసలు ఫొటోను అలాగే ఉంచుకోవాలి.

అభ్యాసం: ఒక ఏ4 కాగితం మీద స్టీలు గ్లాసు బోర్లించి అంచు వెంట వృత్తం గీయండి. ఫోనును వంచి పట్టుకుని ఫొటో తీసి, పై పద్ధతిలో సరిచేయండి. ఏ4 కొలత 210 కి 297 మిల్లీమీటర్లు కనుక, అంగుళానికి 200 పిక్సెళ్ల లెక్కనే Scale Image లో 1654, 2339 వేయాలి. వృత్తం వెడల్పును, ఎత్తును జింప్‌లోని Measure పనిముట్టుతో కొలిచి రాసి పెట్టుకోండి. వచ్చే పాఠంలో ఈ పేజీలను పీడీఎఫ్‌గా కలిపి, దరఖాస్తులు అడిగే పరిమాణానికి కుదించడం నేర్చుకుందాము.