పిల్లలకు సూది వేసే ముందు మత్తు క్రీమ్: ఎంత రాయాలి, ఎక్కడ రాయాలి, ఎంతసేపు ఉంచాలి?

రక్తపరీక్షకు గానీ, సెలైన్ కోసం క్యాన్యులా పెట్టడానికి గానీ ముందుగా పిల్లల చర్మానికి రాసే మత్తు క్రీమ్ మెడికల్ షాపుల్లో చిన్న ట్యూబులో దొరుకుతుంది. ట్యూబు మీద లిడోకైన్ 2.5 శాతం, ప్రిలోకైన్ 2.5 శాతం అని ఉంటుంది. కింద చెప్పిన లెక్కలన్నీ ఈ రెండు మందులూ కలిసిన క్రీముకే వర్తిస్తాయి. లిడోకైన్ ఒక్కటే ఉన్న క్రీములకు పరిమాణం వేరు, సమయం వేరు. కాబట్టి ముందు ట్యూబు చదవండి.

ఇంట్లో రాసి తీసుకెళ్లాలనుకుంటే పిల్లల డాక్టరును అడిగాకే రాయండి. సూది ఎక్కడ గుచ్చుతారో కూడా అప్పుడే అడగండి. మోచేతి మడతలోనా, చేతి వెనక వైపా, పాదం మీదా? క్రీమ్ ఒకచోట, సూది మరోచోట పడితే గంటసేపు పడ్డ శ్రమంతా వృథా. వీలైతే ముందురోజే డాక్టరు చేతో, నర్సు చేతో రెండు చోట్ల పెన్నుతో గుర్తు పెట్టించుకోండి. మొదటి నరం దొరక్కపోతే రెండోది సిద్ధంగా ఉంటుంది.

ముందు బరువు చూడండి, తర్వాత వయసు

కింద ఇచ్చినవి ఒంటి మీద అన్ని చోట్లా కలిపి దాటకూడని హద్దులు. ఇంత రాయాలని కాదు.

- 3 నెలల లోపు, లేదా 5 కిలోల లోపు: మొత్తం 1 గ్రాము, 10 చదరపు సెంటీమీటర్లు, గరిష్ఠంగా 1 గంట
- 3 నుంచి 12 నెలలు, 5 కిలోల పైన: మొత్తం 2 గ్రాములు, 20 చదరపు సెంటీమీటర్లు
- 1 నుంచి 6 ఏళ్లు, 10 కిలోల పైన: మొత్తం 10 గ్రాములు, 100 చదరపు సెంటీమీటర్లు, గరిష్ఠంగా 4 గంటలు
- 7 నుంచి 12 ఏళ్లు, 20 కిలోల పైన: మొత్తం 20 గ్రాములు, 200 చదరపు సెంటీమీటర్లు, గరిష్ఠంగా 4 గంటలు

మూడు నుంచి పన్నెండు నెలల పిల్లలకు సమయం రాయలేదు, ఎందుకంటే అక్కడ రెండు దేశాల మాట కలవదు. అమెరికా సూచనపత్రం 4 గంటల దాకా ఒప్పుకుంటుంది, బ్రిటన్‌ది సుమారు గంట అంటుంది. ఏడాది నిండని పిల్లలకు గంట దాటనివ్వకపోవడమే మేలు. గంటకే పని జరుగుతుంది కూడా.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు, గర్భంలో గడిచిన వారాలూ పుట్టాక గడిచిన వారాలూ కలిపి 37 వచ్చేదాకా ఈ క్రీమ్ వాడరు.

వయసుకు తగ్గ బరువు లేని పిల్లల దగ్గరే ఎక్కువగా పొరపాటు జరుగుతుంది. వయసు ఏ వరుసలో ఉన్నా, బరువు ఏ వరుసలోకి వస్తే ఆ వరుస హద్దే పాటించాలి. పద్నాలుగు నెలల పాప 8.4 కిలోలే ఉందనుకోండి. వయసు చూస్తే 10 గ్రాముల వరుస. బరువు పది కిలోలు దాటలేదు కాబట్టి ఆమె హద్దు 2 గ్రాములే, సమయం కూడా గంటే.

ఒక్కోచోట ఎంత?

చర్మం మీద ప్రతి 10 చదరపు సెంటీమీటర్లకు సుమారు 1 గ్రాము. పది చదరపు సెంటీమీటర్లంటే అటూ ఇటూ మూడేసి సెంటీమీటర్ల చదరం. పది రూపాయల బిళ్ల ఆరు చదరపు సెంటీమీటర్లకు కాస్త తక్కువే ఉంటుంది కాబట్టి, దాదాపు రెండు బిళ్లలు పట్టేంత మేర. సూది గుచ్చడానికి ఒక్కోచోట ఇంతకు మించి అక్కర్లేదు. అందుకే పెద్ద పిల్లల విషయంలో 10, 20 గ్రాముల హద్దుల దాకా వెళ్లే అవసరమే రాదు.

గ్రాము కొలవడానికి సులువైన దారి సూది లేని 1 మిల్లీలీటరు సిరంజి. క్రీమ్ అందులోకి నింపితే 1 మిల్లీలీటరు సుమారు 1 గ్రాము. ముప్పై గ్రాముల ట్యూబు నుంచి పిండితే మూడున్నర సెంటీమీటర్ల పొడవు తీగ గ్రాము ఉంటుంది. చిన్న ట్యూబు మూతి వేరుగా ఉంటుంది కాబట్టి ఆ పొడవును దానికి వాడకండి.

నెలన్నర బిడ్డకు రెండు తొడల మీదా రాయాలంటే చెరో అర గ్రాము, పది రూపాయల బిళ్లకన్నా కొంచెం చిన్న మేర. ఆరో వారం టీకాలప్పుడు ఒకటికి మించి సూదులు పడతాయని ఒక్కోచోట గ్రాము చొప్పున రాసేయడం సరికాదు. ఆ ఒక్క గ్రామునే పంచాలి.

రాసే పద్ధతి

1. చర్మాన్ని సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. నూనె, పౌడర్, పసుపు ఉండకూడదు. ఉంటే పైన వేసే ప్లాస్టర్ అతకదు.

2. గుర్తు పెట్టిన చోట క్రీమ్ కుప్పలా పెట్టండి. రుద్దకండి. మామూలు క్రీములు రుద్దే అలవాటుతో ఇదీ రుద్దేస్తారు. అలా చేస్తే పొర పలచబడి మందు లోపలికి చాలినంత దిగదు. తెల్లగా, మందంగా కనబడుతూ ఉండాలి.

3. పైన పారదర్శకమైన అతుకు డ్రెస్సింగ్ వేయండి. క్యాన్యులా మీద అంటించే ప్లాస్టిక్ పొర లాంటిదే, మెడికల్ షాపులో దొరుకుతుంది. ముందు నాలుగు అంచులూ నొక్కి, క్రీమ్ నడుమే ఉండేలా చూడండి. అంచు లేచిందంటే క్రీమ్ కారిపోతుంది, ఆ చోట మొద్దుబారదు.

4. క్రీమ్ ఎన్నింటికి రాశారో ఆ సమయాన్ని డ్రెస్సింగ్ మీదే పెన్నుతో వేయండి. ల్యాబులో వరుస ఎప్పుడు వస్తుందో తెలియదు, ఎంతసేపైందో ఎవరికీ గుర్తుండదు.

5. పైన పలుచటి బట్ట కట్టండి, చేతికైతే మేజోడు తొడగండి. చిన్న పిల్లలు డ్రెస్సింగ్ పీకి నోట్లో పెట్టుకుంటారు. ప్లాస్టిక్ గొంతుకు అడ్డం పడొచ్చు, క్రీమ్ తగిలి నోరు, గొంతు మొద్దుబారితే మింగడం తడబడుతుంది. గంటసేపూ బిడ్డను కనిపెట్టుకుని ఉండండి. కంట్లో పడితే వెంటనే నీటితో బాగా కడిగి, స్పర్శ తిరిగి వచ్చేదాకా కన్ను రుద్దుకోనివ్వకండి.

పుండు, గీతలు, కాలిన చోటు, నేపీ కింద ఒరిసిన చర్మం, నోరు, జననాంగాల లోపలి పొర వీటి మీద రాయకండి. అక్కడ మందు ఒంట్లోకి వేగంగా ఎక్కుతుంది. ఎగ్జిమా ఉన్న చర్మానికి డాక్టరు రాయమంటే సమయం అరగంటే.

గంట ఎందుకు? ఎప్పుడు తీయాలి?

మందు చర్మపు పొరల గుండా మెల్లగా దిగుతుంది. గంటలో సుమారు 3 మిల్లీమీటర్లు, రెండు గంటల్లో 5 మిల్లీమీటర్ల లోతు దాకా మొద్దుబారుతుంది. ఇరవై నిమిషాలకే తుడిచేసి "పని చేయలేదు" అనేవాళ్లు చాలామంది. గంట అయ్యాక తుడిచేసినా మొద్దుతనం మరో గంట రెండు గంటలు నిలుస్తుంది. కాబట్టి ల్యాబులో ఆలస్యమైనా క్రీమ్ అలాగే వదిలేయాల్సిన పని లేదు.

ఆ పద్నాలుగు నెలల పాపకు ఉదయం తొమ్మిదికి రక్తపరీక్ష అనుకుందాం. 7:45కి కుడి మోచేతి మడతలో 1 గ్రాము, ఎడమ చేతి వెనక 1 గ్రాము. అక్కడితో 2 గ్రాముల హద్దు పూర్తయింది. 8:45కి డ్రెస్సింగ్ తీసి తుడిచేయాలి. ఆసుపత్రిలో నర్సు "ఇంకోచోట కూడా రాద్దాం" అంటే, ఇప్పటికే ఎంత రాశారో చెప్పి ఆపండి. మూడు నెలలు దాటినవాళ్లకు మళ్లీ రాయాలంటే కనీసం 12 గంటల ఎడం కావాలి, రోజుకు రెండుసార్లకు మించకూడదు. మూడు నెలల లోపు బిడ్డకు 24 గంటల్లో ఒక్కసారే.

డ్రెస్సింగ్‌ను పైకి లాగకండి, నొప్పి అక్కడే మొదలవుతుంది. అంచు తడిపి, చర్మానికి సమాంతరంగా సాగదీస్తే వదులవుతుంది. క్రీమ్‌ను పొడి దూదితో పూర్తిగా తుడవండి.

తుడిచాక ఆ చోటు పాలిపోయి ఉండొచ్చు, ఎర్రబడి ఉండొచ్చు. రెండూ మామూలే. పాలిపోవడమంటే రక్తనాళాలు ముడుచుకున్నాయన్నమాట, నరం సరిగా కనబడదు. అందుకే సూదికి పది పదిహేను నిమిషాల ముందే తీసేయాలి. ఆలోపు నరం మళ్లీ తేలుతుంది.

గుచ్చే పోటు తగ్గుతుంది గానీ ఒత్తిడి, రబ్బరు పట్టీ బిగింపు, స్పిరిట్ చల్లదనం తెలుస్తూనే ఉంటాయి. "అస్సలు తెలీదమ్మా" అని పెద్ద పిల్లలకు మాటివ్వకండి, "నొక్కినట్టు ఉంటుంది" అని చెప్పండి. కండలోకి వేసే టీకాకు చర్మం మీది పోటు మాత్రమే తగ్గుతుంది, మందు లోపల మండడం ఆగదు. నవజాత శిశువుల మడమ గుచ్చి రక్తం తీసేటప్పుడు ఈ క్రీమ్ పెద్దగా ఉపయోగపడదు. బీసీజీ చర్మంలోకి వేసే బతికున్న టీకా, దానికి ముందు దీన్ని వాడకండి.

ఎవరికి వాడకూడదు, ప్రమాదం ఎలా తెలుస్తుంది?

ఎక్కువైతే ప్రిలోకైన్‌తోనే చిక్కు. ఒంట్లో అది మారగా వచ్చే పదార్థం రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేని మెథిమోగ్లోబిన్‌గా మారుస్తుంది. దాన్ని తిరిగి సరిచేసే ఎంజైము మొదటి మూడు నెలల్లో తక్కువగా ఉంటుంది. ఆ వయసుకు ఒక్క గ్రాము, ఒక్క గంట హద్దు పెట్టింది ఇందుకే.

పుట్టుకతోనే మెథిమోగ్లోబిన్ సమస్య ఉన్న పిల్లలకు ఈ క్రీమ్ వాడరు. ఎర్రరక్తకణాలను కాపాడే ఎంజైము తక్కువగా ఉండే జీ6పీడీ లోపం ఉంటే, లేదా ఇంట్లో ఎవరికైనా ఉందని తెలిస్తే, డాక్టరుకు ముందే చెప్పండి. ఏడాది లోపు బిడ్డ కోట్రైమోక్సజోల్, డాప్సోన్, ఫిట్స్‌కు ఫినోబార్బిటోన్ లేదా ఫెనిటోయిన్ లాంటి మందుల మీద ఉంటే క్రీమ్ వద్దు. అవీ హిమోగ్లోబిన్‌ను అదే దారి పట్టిస్తాయి.

క్రీమ్ తీసేశాక కొన్ని గంటలకు కూడా లక్షణాలు బయటపడొచ్చు. పెదవులు, గోళ్లు నీలంగా లేదా బూడిద రంగుకు తిరగడం, ఆయాసం, పాలు తాగకుండా మగతగా ఉండటం చూడండి. ఛాయ నల్లగా ఉన్న పిల్లల్లో పెదవి లోపలి వైపు, నాలుక చూస్తే తేలిగ్గా తెలుస్తుంది. ఆక్సిజన్ పెట్టినా వేలికి తగిలించే మీటరు 85 దగ్గరే ఆగిపోవడం, తీసిన రక్తం చాక్లెట్ రంగులో ఉండటం డాక్టర్లు గమనించే గుర్తులు. కండరాలు అదరడం, మూర్ఛ వస్తే అది లిడోకైన్ ఎక్కువైన లక్షణం కావచ్చు.

వీటిలో ఏది కనబడినా మిగిలిన క్రీమ్ తుడిచి, ట్యూబును వెంట తీసుకుని నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. ఎన్ని గ్రాములు, ఎన్ని చోట్ల, ఎన్నింటికి రాసి ఎన్నింటికి తీశారో చెప్పండి. జీ6పీడీ సంగతి అప్పుడు మరోసారి గుర్తుచేయండి, ఎందుకంటే దీనికి వాడే మిథిలిన్ బ్లూ ఆ లోపం ఉన్నవాళ్లకు పని చేయకపోగా ఎర్రరక్తకణాలను చిట్లిస్తుంది.