నాయన స్క్రీన్‌షాట్లు ఎలా ఆగాయంటే

మిర్యాలగూడలో ఉండే మా నాయన అనుమానం మెసేజ్ వస్తే చాలు, స్క్రీన్‌షాట్ తీసి ఇంటి గ్రూపులో పెట్టేవాడు. ఫోన్లో చెప్పినా, వీడియోలు పంపినా మానలేదు. చివరికి పెద్దక్షరాలతో ఉత్తరం రాశాను.

"నాయనా, రాత్రికి కరెంటు కట్ చేస్తామన్న మెసేజ్ ఫొటో పెట్టావు కదా. అది నువ్వు పంపావని నమ్మి చిన్నమ్మ అందులోని నంబరుకు ఫోన్ చేసింది. ఫొటో పైభాగాన నీ ఓటీపీ కూడా కనబడింది. ఇకపై ఫొటో తీయకు, లింకు ముట్టకు. నాకు ఫోన్ చేసి ఏ పేరుతో వచ్చిందో, ఏం అడిగారో చదివి వినిపించు. మెసేజ్ చెరపకు, ఫిర్యాదుకు కావాలి. డబ్బులు పోతే మాత్రం నాకోసం ఆగకు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి."

ఉత్తరాన్ని చార్జర్ పైన గోడకు అంటించుకున్నాడు. రెండు నెలలుగా ఫొటోలు లేవు, ఫోన్లే వస్తున్నాయి. చిన్నమ్మ సంగతి రాయడమే పనిచేసిందనుకుంటా. చదవడం రాని పెద్దవాళ్లకు ఇది కుదరకపోవచ్చు.