మాఘమాసం పెళ్లిళ్లకు ముందు జీబీల లెక్క కట్టుకోండి

మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యాయంటే కావలి, నెల్లూరు, కందుకూరు చుట్టుపక్కల వీడియో తీసేవాళ్లకు వారంలో రెండు మూడు పెళ్లిళ్లు పడతాయి. కార్డు ఖాళీ చేయడం, మళ్లీ పెట్టడం, నిద్ర లేకుండా ఇంకో మండపానికి పరుగెత్తడం. ఫుటేజ్ పోయేది ఎక్కువగా ఈ హడావిడిలోనే. అందుకే లెక్కంతా సీజన్‌కు ముందే తేల్చుకోవాలి.

చాలామంది 4కే అంటే ఎక్కువ, ఫుల్ హెచ్‌డీ అంటే తక్కువ అని అంచనా వేస్తారు. ఫైలు సైజును తేల్చేది అది కాదు, బిట్‌రేట్. కెమెరా మెనూలో రికార్డ్ సెట్టింగ్ దగ్గర 100M, 60M, 50M అని కనిపించేది అదే. సెకనుకు ఎన్ని మెగాబిట్లు రాస్తుందో ఆ అంకె చెబుతుంది. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి 100M అంటే సెకనుకు 12.5 ఎంబీ. గంటకు 3,600 సెకన్లు, అంటే 45,000 ఎంబీ, అదే 45 జీబీ. గుర్తుపెట్టుకోవడానికి ఇది చాలు:

```
GB/hour = Mbps × 0.45
```

60M అయితే గంటకు 27 జీబీ, 50M అయితే 22.5 జీబీ. 128 జీబీ కార్డులో 100M మీద సుమారు రెండు గంటల యాభై నిమిషాలు పడుతుంది. నేనైతే రెండున్నర గంటలే అనుకుని కార్డు మారుస్తాను. జీలకర్ర బెల్లం మొదలయ్యే లోపు కొత్త కార్డు పెట్టేస్తే తలంబ్రాల మధ్యలో టెన్షన్ ఉండదు. ఫోన్లలో బిట్‌రేట్ సాధారణంగా కనపడదు, పైగా సీన్‌ను బట్టి మారుతుంది. అప్పుడు మండపం లైట్ల కిందే, జనం కదులుతుండగా పది నిమిషాలు తీసి, ఫైలు సైజును ఆరుతో గుణించండి. ఖాళీ గోడను తీసి చూస్తే అంచనా తక్కువ వస్తుంది.

ఇప్పుడు ఒక పెళ్లి మొత్తం చూద్దాం. మెయిన్ కెమెరా 100M మీద అయిదు గంటలు, అంటే 225 జీబీ. రెండో కెమెరా 50M మీద నాలుగు గంటలు, అంటే 90. మొత్తం 315 జీబీ. ఇది ఒక్క కాపీకే, బ్యాకప్‌తో కలిపితే 630. మనం 1 టీబీ అని కొన్న డిస్కును విండోస్ 931 జీబీగా చూపిస్తుంది. డిస్కు తగ్గలేదు, లెక్కించే పద్ధతి వేరు. అదే పద్ధతిలో మన 315 కూడా 293గానే కనిపిస్తుంది. అంటే ఒక డిస్కులో మూడు పెళ్లిళ్లు పట్టి 50 జీబీ మిగులుతుంది. నాలుగోది పట్టదు. ఇక 512 జీబీ ల్యాప్‌టాప్‌లో విండోస్, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ పోను ఒక్క పెళ్లికే ఊపిరాడదు. ఎడిటింగ్‌లో తయారయ్యే కాష్ ఫైళ్లకు కూడా చోటు కావాలి. `This PC`లో డిస్కు గీత ఎర్రబడిందంటే అందులో కాపీ మొదలుపెట్టకండి.

చోటు ఉన్నా ఫుటేజ్ పోయే దారి ఇంకొకటి ఉంది. కొన్ని కెమెరాలు ప్రతి కొత్త కార్డులో పేర్లను `C0001.MP4` నుంచే మొదలుపెడతాయి. కావలిలో ఒక పెళ్లికి రెండు కార్డులనూ తెల్లవారుజామున ఒకే ఫోల్డర్‌లోకి లాగాను. విండోస్ అడిగితే చూసుకోకుండా `Replace the files in the destination` నొక్కేశాను. మొదటి కార్డు ఫైళ్ల మీద రెండో కార్డువి వచ్చి కూర్చున్నాయి. పొద్దున్నే ఆ కార్డులను ఫార్మాట్ చేసి ఇంకో పెళ్లి తీశాను. పెళ్లికూతురి అమ్మమ్మ అక్షింతలు వేసిన క్లిప్ మళ్లీ దొరకలేదు. ఆ ఇంటివాళ్లకు ఆ మాట చెప్పిన రోజు నాకిప్పటికీ బాధగానే ఉంటుంది.

అప్పటి నుంచి పెళ్లికి ముందు రోజే మొదటి డిస్కులో ఖాళీ ఫోల్డర్లు తయారు చేసి పెట్టుకుంటున్నాను. ప్రతి కార్డుకూ వేరే ఫోల్డర్:

```
2026-02-20_Kavali_Pelli
  CamA_Card1
  CamA_Card2
  CamB_Card1
```

కార్డు మీద కూడా అదే పేరు స్టిక్కర్ అంటిస్తాను. వీడియో ఫైళ్లు మాత్రమే ఏరుకోకుండా కార్డులో ఉన్నదంతా ఉన్నట్టే కాపీ చేస్తాను. అయ్యాక కార్డును, ఫోల్డర్‌ను విడివిడిగా తెరిచి, `Ctrl+A`తో అన్నీ ఎంచుకుని `Properties`లో ఫైళ్ల సంఖ్య, `Size` దగ్గరున్న బైట్లు సరిపోల్చుతాను. `Size on disk` తేడాగా ఉన్నా కంగారు లేదు, అది డిస్కును బట్టి మారుతుంది. అంకెలు కలిశాక రెండు మూడు క్లిప్‌లు చివరిదాకా జరిపి చూస్తాను. రెండో డిస్కులోకి కూడా కాపీ అయ్యాకే కార్డు ఫార్మాట్.

ఈ ఒక్క నియమం పాటించాలంటే కార్డులు ఎక్కువ కావాలి. మన లెక్కలో 315 జీబీకి 128 కార్డులు మూడు చాలనిపిస్తుంది, కానీ మర్నాడే ఇంకో పెళ్లి ఉంటే ఆరు ఉంచుకోండి. డిస్కులు కూడా జతలుగా కొనండి. మూడో పెళ్లి పూర్తిగా ఎక్కాక ఆ జతలో ఒకటి స్టూడియోలో, ఇంకోటి ఇంట్లో పెట్టి, నాలుగో పెళ్లికి కొత్త జత తీయండి.