ఎమ్మెస్ వెయిట్‌లిస్ట్‌లో పడితే యూనివర్సిటీకి అప్‌డేట్ లెటర్ పంపే విధానం

అమెరికాలో ఎమ్మెస్‌కి అప్లై చేసినవాళ్లకి ఫిబ్రవరి, మార్చి నెలల్లో జవాబులు రావడం మొదలవుతుంది. అడ్మిట్ వచ్చినా రిజెక్ట్ వచ్చినా సంగతి తేలిపోయినట్టే. తేలనిది వెయిట్‌లిస్ట్. ‘మీ దరఖాస్తు బాగుంది, కానీ ఇప్పటికి సీటు లేదు, ఖాళీ వస్తే చూస్తాం’ అని దాని సారాంశం. ఆ దశలో అభ్యర్థి చేతిలో మిగిలే పని ఒక్కటే. ‘నాకు మీ కోర్సు మీద ఆసక్తి అలాగే ఉంది, అప్లై చేశాక ఇవి కొత్తగా సాధించాను’ అని ఒక పేజీలో రాసి పంపడం. దీన్ని లెటర్ ఆఫ్ కంటిన్యూడ్ ఇంట్రెస్ట్ అంటారు. మన పిల్లలు వెయిట్‌లిస్ట్ లెటర్ అనేస్తుంటారు.

ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే పని కాబట్టి ఏటా కొందరు పిల్లలు ఈ ఉత్తరాలు పట్టుకుని నా దగ్గరికి వస్తారు. పోయిన ఏడాది మా మేనకోడలి వంతు వచ్చింది. కంప్యూటర్ సైన్స్ ఎమ్మెస్, వెయిట్‌లిస్ట్. ఆ అమ్మాయి ఉత్తరాన్నే దగ్గర పెట్టుకుని విధానం చెబుతాను.

ముందు వచ్చిన మెయిల్ పూర్తిగా చదవండి

చాలామంది మొదటి రెండు వాక్యాలు చదివి, నీరసపడి మెయిల్ మూసేస్తారు. అసలు సూచనలు కిందే ఉంటాయి. అక్కడ మూడు సంగతులు వెతకాలి. వెయిట్‌లిస్ట్‌లో కొనసాగుతానని పోర్టల్‌లో ఒప్పుకోవాలా? కొన్ని చోట్ల ఆ ఫారం నింపకపోతే పేరు తీసేస్తారు, ఎంత మంచి ఉత్తరం రాసినా పనికిరాదు. రెండోది, అదనపు కాగితాలు తీసుకుంటారా? ‘ఏమీ పంపవద్దు’ అని స్పష్టంగా ఉంటే పంపకండి. అలాంటి చోట ఉత్తరం మేలు చేయకపోగా, చెప్పింది వినని మనిషి అన్న ముద్ర వేస్తుంది. మూడోది, ఎక్కడికి పంపాలి? పోర్టల్‌లో అప్‌లోడ్ చేయమంటే అక్కడే చేయాలి. మెయిల్‌లో పంపితే అది మీ ఫైల్‌లోకి చేరుతుందన్న నమ్మకం లేదు.

ఎప్పుడు పంపాలి

వెయిట్‌లిస్ట్ ఎందుకు కదులుతుందో తెలిస్తే ఎప్పుడు పంపాలో అదే తెలుస్తుంది. అడ్మిట్ వచ్చినవాళ్లలో కొందరు వేరే చోటికి వెళ్లిపోతేనే మీకు సీటు. అసిస్టెంట్‌షిప్, ఫెలోషిప్‌లతో ఆఫర్ వచ్చిన విద్యార్థిని ఏప్రిల్ 15 లోపు తేల్చి చెప్పమని బలవంతపెట్టకూడదని అమెరికా గ్రాడ్యుయేట్ స్కూళ్ల మండలి తీర్మానం ఒకటుంది. చాలా యూనివర్సిటీలు దానికి ఒప్పుకున్నాయి. అందుకే నిధులతో కూడిన సీట్లు ఆ తేదీకి అటూ ఇటూ ఖాళీ అవుతాయి. సొంత ఖర్చుతో చదివే ఎమ్మెస్ సీట్లకి ఆ తీర్మానం వర్తించదు. అక్కడ ప్రతి యూనివర్సిటీకి డిపాజిట్ గడువు వేరు, అది దాటాకే లెక్క తేలుతుంది.

కాబట్టి వెయిట్‌లిస్ట్ మెయిల్ వచ్చిన రెండు వారాల్లోపు ఉత్తరం వాళ్ల ఫైల్‌లో ఉండాలి. ఖాళీ వచ్చిన రోజు ఫైల్ తెరిచేవాళ్లకి అది కనబడాలి. అలాగని వచ్చిన రాత్రే ఆవేశంలో రాసి పంపకండి. ఆ రాత్రి రాసే ఉత్తరాల్లో బతిమాలడం తప్ప మరేమీ ఉండదు.

కొత్తది అంటే ఏది

మా అమ్మాయి ఇక్కడే ఆగిపోయింది.

“మావయ్యా, మూడు నెలల్లో నేనేం సాధించాను రాయడానికి?”

“అప్లికేషన్ సబ్మిట్ కొట్టింది ఏ రోజమ్మా?”

“డిసెంబరు 12.”

“అయితే 13 నుంచి ఏం జరిగిందో ఒక కాగితం మీద రాయి. మంచీ చెడూ చూడకు, అన్నీ రాయి.”

సబ్మిట్ చేసిన తేదీయే గీత. ఆ గీతకి ఇవతల జరిగిందే కొత్తది. అవతలది ఎంత గొప్పదైనా వాళ్లు చదివేశారు. ఆ అమ్మాయి పన్నెండు అంశాలు రాసింది. మూడు మిగిలాయి.

మొదటిది 4-1, అంటే నాలుగో ఏడాది మొదటి సెమిస్టర్ ఫలితం. డిసెంబరులో అప్లై చేసేవాళ్ల చేతిలో 3-2 వరకే మెమోలు ఉంటాయి. 4-1 మార్కులు ఆ తర్వాతే వస్తాయి. అందుకే మన పిల్లల్లో దాదాపు అందరి దగ్గరా ఉండే అసలైన కొత్త సమాచారం ఇదే, విచిత్రంగా అందరూ మర్చిపోయేదీ ఇదే. మా అమ్మాయికి 3-2 వరకు 7.8 ఉంటే, 4-1లో 8.9 వచ్చింది. పైగా రెండో ఏడాదిలో ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్ పేపర్‌లో గ్రేడ్ తక్కువ. 4-1లో మెషీన్ లెర్నింగ్‌లో అత్యున్నత గ్రేడ్ తెచ్చుకుంది. ఫైల్‌లో బలహీనంగా కనిపించే చోటే బలం చూపించే అంకె అది. మీ దగ్గర అలాంటిది ఉంటే దాన్నే ముందు పెట్టండి.

రెండోది మేజర్ ప్రాజెక్ట్. అప్లికేషన్‌తో పంపిన ఎస్ఓపీ వ్యాసంలో ‘తెలుగు చేతిరాతను గుర్తించే ప్రోగ్రాం చేయబోతున్నాను’ అని రాసింది. మార్చికి అది పనిచేస్తోంది. చేయబోతున్నాను అన్నది చేశాను అయింది. మూడోది జనవరిలో చేరిన ఇంటర్న్‌షిప్.

తీసేసిన తొమ్మిదిలో ఆరు ఆన్‌లైన్ కోర్సు సర్టిఫికెట్లు, రెండు హ్యాకథాన్లలో పాల్గొన్నట్టు పత్రాలు, ఒకటి కాలేజీ ఫెస్ట్ బాధ్యత. సర్టిఫికెట్లు తీసేయమంటే కళ్లనీళ్లు పెట్టుకున్నంత పని చేసింది, రాత్రుళ్లు కూర్చుని చేసింది మరి. కానీ వారాంతంలో చూసి ముగించే కోర్సు, పరీక్ష హాల్లో రాసిన పేపర్ పక్కన నిలబడదు. ఆరు సర్టిఫికెట్ల మధ్య పెడితే ఆ 8.9 ఎవరికీ కనబడదు.

ఉత్తరం రాయడం

మూడు వందల నుంచి మూడు వందల యాభై పదాలు, ఒక్క పేజీ. ఇంగ్లీషులోనే రాస్తారు కాబట్టి ఇక్కడ సారం చెబుతాను. మొదటి పేరాలో రెండే వాక్యాలు: ఏ కోర్సు, ఏ టర్మ్, వెయిట్‌లిస్ట్ నిర్ణయం ఎప్పుడు అందింది, ఇప్పటికీ చేరాలని ఉంది. నిరాశ గురించి, చిన్ననాటి కల గురించి ఏమీ వద్దు.

రెండో పేరా కొత్త సంగతులకి. మా అమ్మాయి మొదటి ప్రతిలో ‘నా ప్రాజెక్ట్‌లో చెప్పుకోదగ్గ ప్రగతి సాధించాను’ అని ఉంది. ఎవరైనా రాయగల వాక్యం. ఏం చేశావో నాకు చెప్పమన్నాను. అరవై మందిచేత మూడు వేల పదాలు రాయించిందట. వాళ్లలో వాళ్ల వీధి చివర కిరాణా కొట్టాయన, ఇద్దరు బామ్మలు కూడా ఉన్నారు. మొదట్లో ప్రోగ్రాం నూటికి పద్దెనిమిది అక్షరాలు తప్పు చదివేదట. తప్పులన్నీ ఒక చోట పోగేసి చూస్తే సగం వత్తుల దగ్గరే. అక్షరాన్నీ కింద వత్తునీ విడదీసి చదివించే పద్ధతి పెట్టాక తప్పులు పదకొండుకి దిగాయి. ఇదే రాయమన్నాను. ఐదు వాక్యాల్లో పట్టింది, కోడ్ ఉన్న లింక్ పక్కన పెట్టింది. ప్రగతి అన్న మాట అవసరమే లేకపోయింది.

మూడో పేరా ఆ యూనివర్సిటీయే ఎందుకో చెప్పాలి. ఎస్ఓపీలో రాసిందే తిరిగి రాయకూడదు. కొత్త సంగతి నుంచి పుట్టిన కారణం కావాలి. వత్తుల సమస్య ఇంకా తేలలేదు కాబట్టి అక్కడున్న ఫలానా కోర్సూ, ఆ పని మీద ఉన్న ల్యాబూ తనకి ఎలా పనికొస్తాయో మా అమ్మాయి రాసింది. రాసే ముందు ఆ కోర్సు ఈ ఏడాది నిజంగా చెబుతున్నారో లేదో వాళ్ల క్యాటలాగ్‌లో చూసుకోండి. ఆపేసిన కోర్సు పేరు రాస్తే, చదివేది ఆ శాఖవాళ్లే కాబట్టి ఇట్టే పట్టేస్తారు.

చివరి పేరాలో ఒక వాక్యం చాలా బరువైనది: ‘అడ్మిషన్ ఇస్తే తప్పకుండా చేరతాను.’ నిజమైతేనే రాయండి, ఒక్క యూనివర్సిటీకే రాయండి. మిగతా చోట్లకి ‘నా మొదటి ఎంపికల్లో ఒకటి’ అంటే చాలు. మా అమ్మాయి మొదట రెండు యూనివర్సిటీలకీ అదే వాక్యం పంపబోయింది. రెండూ సీటిస్తే ఒకదానికి ఇచ్చిన మాట తప్పాలి. అంత దూరం రానివ్వకూడదు.

పంపేటప్పుడు

మెయిల్‌లో పంపాల్సి వస్తే సబ్జెక్ట్ లైన్ ఇలా ఉండాలి, నంబరు మీది వేసుకోండి:

```
Waitlist Update - Application ID 00000000 - MS Computer Science, Fall 2026
```

ఉత్తరం ఒక పీడీఎఫ్, 4-1 మెమో మరొకటి. అంతకుమించి వద్దు. మెమో ఇంకా చేతికి రాకపోతే ఫలితాల పేజీ ప్రింటు మీద ఎగ్జామ్ బ్రాంచ్‌లో సంతకం, స్టాంపు వేయించుకుని పెట్టండి, అసలు మెమో రాగానే పంపుతానని ఒక వాక్యం రాయండి. మార్కుల్ని నాలుగు పాయింట్ల స్కేలులోకి మీరే మార్చకండి, పదికి ఎంతో ఉన్నదున్నట్టు ఇవ్వండి. కొత్త సిఫార్సు లేఖ తీసుకుంటామని వాళ్లు చెబితే, ఈ మూడు నెలల పని కళ్లారా చూసిన ప్రాజెక్ట్ గైడ్ చేతే రాయించండి. హెచ్ఓడీ హోదా పెద్దదే గానీ వత్తుల సంగతి ఆయనకి తెలియదు.

ఒకసారి పంపాక మళ్లీ నిజంగా కొత్తది జరిగితేనే రాయాలి. వారం వారం ‘నా స్థితి ఏమిటి’ అని అడగకండి. చాలా చోట్ల వెయిట్‌లిస్ట్‌కి వరుస నంబర్లే ఉండవు, వాళ్ల దగ్గరా జవాబు ఉండదు.

ఈలోగా చేతిలో ఉన్న సీటు

ఎంత మంచి ఉత్తరమైనా లేని ఖాళీని పుట్టించలేదు. అందుకని అడ్మిట్ ఇచ్చిన మరో యూనివర్సిటీకి గడువులోగా ఒప్పుకుని డిపాజిట్ కట్టేయండి. మా అమ్మాయికి వెయిట్‌లిస్ట్ సీటు మే మూడో వారంలో వచ్చింది. అప్పటికి వేరే చోట కట్టిన ఐదు వందల డాలర్లు తిరిగి రాలేదు. మా అక్క బాధపడింది గానీ, ఆ డబ్బు కట్టకుండా మే దాకా ఖాళీ చేతులతో కూర్చోమని నేను ఎవరికీ చెప్పను.

అప్పటికే మొదటి యూనివర్సిటీ వీసా కోసం ఇచ్చిన ఐ-20 పత్రం మీద 350 డాలర్ల సెవిస్ ఫీజు కట్టేసి, వీసా ఇంకా తీసుకోకపోతే, ఆ ఫీజుని కొత్త ఐ-20లోని సెవిస్ నంబరుకి మార్పించుకోవచ్చు, మళ్లీ కట్టక్కర్లేదు. డీఎస్-160 వీసా ఫారంలో మాత్రం యూనివర్సిటీ పేరు, సెవిస్ నంబరు కొత్తవి ఉండాలి. ఇంటర్వ్యూకి కొత్త ఐ-20తోనే వెళ్లాలి. మొదటి యూనివర్సిటీకి రావడం లేదని ఆ వారంలోనే మెయిల్ పెట్టండి. అక్కడి వెయిట్‌లిస్ట్‌లోనూ ఎవరో ఎదురుచూస్తుంటారు.